పద్నాలుగుతో మొదలయ్యే నంబరు

ముందు సుద్దముక్క చప్పుడు వినిపిస్తుంది. ఖాళీ గదిలో చెక్క మీద సుద్ద గీసుకుపోతుంటే, ఎండుటాకు మీద ఎవరో గోటితో పేరు రాసుకుంటున్నట్టు ఉంటుంది. పది అక్షరాలు, ఒక విరామం. మళ్లీ పది అక్షరాలు, మళ్లీ విరామం. కోదాడ దాటాక హైవే పక్కనున్న ఇంజనీరింగ్ కాలేజీలో, పరీక్షలకు ముందురోజు సాయంత్రం, రెండో అంతస్తు వసారాలో ఆ చప్పుడొక్కటే ఒక గదిలోంచి ఇంకో గదిలోకి నడుస్తూ ఉంటుంది. కాసేపటికి దాని వెనకే ప్రమీల గుమ్మంలోకి వస్తుంది. నడుము కొంచెం వంగి, చీర కుచ్చిళ్ల మీద తెల్లటి పొడి, ఎడమ చేతిలో మడతపెట్టిన కాగితం.

ఆమెకు యాభై రెండేళ్లు. ఆ కాలేజీ పరీక్షల విభాగంలో సీటింగ్ వేసేది ఆమే. ఎవరు ఏ గదిలో, ఏ బెంచీ మీద, ఏ పక్కన కూర్చోవాలో ఆమె కాగితం మీద గీస్తే, పొద్దున్నే నాలుగు వందల మంది వచ్చి ఆ గీతల్లో కూర్చుంటారు. పిల్లలు ఆమెను సీటింగ్ ఆంటీ అంటారు. ఎదురుగా కాదు, వెనక.

బెంచీలు జరిపే పని అటెండర్ మంగ్త్యాది. అతను నడుం పట్టుకుని అడుగుతాడు.

“మేడమ్, యూనివర్సిటోళ్లు స్టిక్కర్లు అతికియ్యమంటున్నరు గదా. ఈ సుద్ద గీకుడేంది ఇంకా?”

“స్టిక్కర్ పీకినా పోదు మంగ్త్యా. మల్ల పరీక్షకు పాత నంబర్ కనబడ్తది. సుద్ద అయితే తుడిస్తే ఖతం.”

“తుడిచేది నేను గదా. మీకేం, రాసి పోతరు.”

“రాసేది నేను గదా, నీకేం, తుడిచి పోతవు” అని ఆమె నవ్వుతుంది. రోజు మొత్తం మీద ఆమె నవ్వేది అలాంటి ఒకటి రెండు చోట్లే.

గదికి నాలుగు వరుసలు, వరుసకు మూడు బెంచీలు, బెంచీకి ఇద్దరు. ఇరవై నలుగురు. ఒకే పేపర్ రాసేవాళ్లు పక్కపక్కన ఉండకూడదు. అంతవరకు ఎవరైనా చేస్తారు, ఎడమకు ఒక బ్రాంచి, కుడికి ఒక బ్రాంచి. కానీ అలా వేస్తే ముందువాడూ వెనకవాడూ ఒకే బ్రాంచి అవుతారు. మెడ కాస్త సాచితే చాలు. అందుకే ప్రమీల గదిని చదరంగం పలకలా చూస్తుంది. తెల్ల గడిలో ఒక పేపర్, నల్ల గడిలో ఇంకో పేపర్. ఎటు తిరిగినా తనది కాని ప్రశ్నే కనబడాలి. గదిలోకి వచ్చే నంబర్లను కూడా వరసగా వేయదు. కాలేజీలో నంబర్ల వరసలోనే స్నేహాలు పుడతాయని ఆమెకు తెలుసు. మొదటి సంవత్సరం ల్యాబ్‌లో పక్కపక్క నంబర్లకు ఒకే బల్ల ఇస్తారు, నాలుగో ఏటికి వాళ్లు ఒకే గదిలో అద్దెకుంటారు.

నంబర్లలో దొరకని స్నేహాలను ఆమె నోటీసు బోర్డు దగ్గర పట్టుకుంటుంది. సీటింగ్ కాగితం అతికించి, పక్కకు జరిగి, ఏదో ఫైలు చూస్తున్నట్టు నిలబడుతుంది. కాగితం చూడగానే ఏ రెండు ముఖాలు ఒకేసారి వాడిపోతాయో వాళ్లు స్నేహితులు. తన గదిలోకి వెళ్లి పాత డైరీలో ఆ రెండు నంబర్లను పెన్సిల్‌తో ఒక చిన్న విల్లులా కలుపుతుంది. మళ్లీ పరీక్షలకు ఆ విల్లు రెండు కొసలూ గదికి రెండు మూలల్లో పడతాయి.

ఆ రోజు కూడా బోర్డు దగ్గర అదే జరిగింది. ఈసీఈ మూడో సంవత్సరం దీప, కరుణ ఇద్దరూ డిప్లొమా చదివి మధ్యలో చేరినవాళ్లు, జాబితాలో ఆఖరి నంబర్లు. ఆఖరి నంబర్లు ఎప్పుడూ ఆఖరి గదికే, అంటే రెండు వందల ఆరుకే వస్తాయి.

“నేను కిటికీ కాడ, నువ్వు డోర్ కాడ” అంది దీప. “అమెరికా, ఆస్ట్రేలియా లెక్క వేసిందే సీటింగ్ ఆంటీ.”

“మనమీద పగేందుకే ఆమెకు?”

“దోస్తులు లేరేమో పాపం. ఉన్నోళ్లను చూస్తే మంట.” తర్వాత కాగితం మీద వేలు జరిపి పెదవి విరిచింది. “నా బెంచీ మీద ఎవరో చూడు. పద్నాలుగు అంకుల్. మల్లా!”

ఫైలు చూస్తున్న ప్రమీల పేజీ తిప్పింది.

పద్నాలుగు అంకుల్ అంటే తులసీరాం. అందరి హాల్ టికెట్ నంబర్లూ ఇరవై ఒకటితోనో ఇరవై రెండుతోనో మొదలవుతాయి. అతనిది ఒక్కటే పద్నాలుగుతో మొదలవుతుంది, అతను కాలేజీలో చేరిన ఏడాది అది. ఈఈఈ చదివాడు, అన్నీ పాసయ్యాడు, ఒక్క కంట్రోల్ సిస్టమ్స్ తప్ప. అతనితో చేరినవాళ్లు వెళ్లిపోయారు, అప్పటి పుస్తకాలు మారాయి, అతని సిలబస్ పాతబడి దాని చోట కొత్తది వచ్చింది. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో ఎలక్ట్రీషియన్ పని చేస్తూ, ఏడాదికి రెండుసార్లు నేరేడుచర్ల మీదుగా బస్సెక్కి వచ్చి, ఆ ఒక్క పేపర్ రాసి, మాట్లాడకుండా వెళ్లిపోతాడు. సెంటర్ మొత్తంలో ఆ పేపర్ రాసేవాడు అతనొక్కడే. అతని కోసం ఒకే ఒక ప్రశ్నపత్రం అచ్చవుతుంది.

సీటింగ్ వేసేవాళ్లకు అలాంటి మనిషి దొరకడం పండగ. ఏ గదిలోనైనా లెక్క కుదరక ఒక గడి మిగిలితే, అక్కడ ఎవరిని పెట్టినా పక్కవాడి పేపరే అయిపోతుంటే, తులసీరాంను పెడితే చాలు. అతను ఎవరి పక్కనైనా సరిపోతాడు, ఎందుకంటే అతనిది ఎవరి పేపరూ కాదు. ఈసారి కూడా రెండు వందల ఆరులో పన్నెండు మంది ఈసీఈ, పదకొండు మంది సివిల్ వచ్చారు. ఇరవై నాలుగో గడిలో ప్రమీల ఆలోచించకుండా పద్నాలుగుతో మొదలయ్యే నంబరు రాసింది. ఆమె చేసే మేలల్లా ఒకటే, వీలైనప్పుడల్లా ఆ గడి కిటికీకి దగ్గరగా పడేలా చూసేది. దాని గురించి అతనితో ఎప్పుడూ అనలేదు, అతను అడగనూ లేదు.

ప్రమీల పుట్టింది మిర్యాలగూడలోనే. నాన్న మిల్లులో బస్తాలు మోసేవాడు. పదో తరగతి పరీక్షల్లో ఆమె నేస్తం రుక్మిణి నాలుగు బెంచీల ముందు పడింది. మూడు గంటల సేపు కాగితం మీదినుంచి తలెత్తినప్పుడల్లా రుక్మిణి జడ కనబడేది, ఎర్ర రిబ్బను, ఒక పక్క జారిపోయి. ఇంటర్‌కు ఇద్దరికీ వేరు వేరు ఊళ్లు. ఇప్పుడు ఆ పేరుకు ఫోన్ నంబర్ కూడా లేదు, ఆ రిబ్బను మాత్రం ఉంది. తర్వాత సూర్యాపేటలో పన్నెండేళ్లు ఒక కాలేజీలో గుమాస్తా పని. పిల్లలు తగ్గి ఆ కాలేజీ మూతపడ్డాక కోదాడ. వెంట అమ్మ ఉండేది. మూడేళ్ల కింద అమ్మ పోయింది. అద్దెగది అంతే ఉంది, రెండు కంచాలు అలాగే ఉన్నాయి. ఒకటి మాత్రమే తడుస్తుంది.

పరీక్ష రోజు పొద్దున తొమ్మిదిన్నర కావస్తోంది. ప్రశ్నపత్రాలు యూనివర్సిటీ నుంచి ఆన్‌లైన్‌లోనే వస్తాయి. పాస్‌వర్డ్ కొట్టి తెరిచి, గొళ్లెం వేసిన గదిలో, కెమెరా కింద, కోడ్ వారీగా కావలసినన్ని ప్రతులు తీస్తారు. ఫోన్లు బయటే. ప్రమీల ఒక్కో కట్ట లెక్కపెట్టి కవర్లలో పెడుతోంది. సీఎస్ఈ అయిపోయింది. సివిల్ అయిపోయింది. ఈసీఈ వాళ్లవి అరవై రెండు. తర్వాత తులసీరాం కోడ్ కొట్టింది. తెర మీద తెరుచుకున్న కాగితాన్ని చూసి, పొరపాటున ముందుదే మళ్లీ తెరిచానేమో అనుకుంది. మూసి, మళ్లీ తెరిచింది. అదే. పై వరసలో రెండు కోడ్‌లు పక్కపక్కన అచ్చు వేసి ఉన్నాయి. ఈసీఈ వాళ్లదీ, అతనిదీ. కింద ప్రశ్నలు ఒకటే.

ఆమెకు నాలుగు రోజుల కిందటి సర్క్యులర్ గుర్తొచ్చింది. పాత సిలబస్ పేపర్లలో వేటికి ఈసారి వేరే ప్రశ్నపత్రం ఉండదో, వాటికి కొత్త సిలబస్‌లో ఏది సమానమో చెప్పే జాబితా. మూడు పేజీలు. రెండు పేజీలు చదివింది. మూడో పేజీలో మొత్తం పాత ఈఈఈ. దాన్ని తెరవలేదు. ఎందుకు తెరుస్తుంది, అక్కడ ఉన్నది తులసీరాం ఒక్కడే కదా, అతనిది ఎప్పుడూ వేరే కదా. ఇన్నేళ్లుగా అతని వేరేతనం మీద ఆనుకుని గదులు నింపింది, అది కూడా ఒకరోజు మారుతుందని తట్టలేదు.

చదరంగం పలక కళ్ల ముందు నిలబడింది. ఆ గడికి ముందు ఈసీఈ, వెనక ఈసీఈ, ఒక పక్క అదే బెంచీ మీద దీప, ఇంకో పక్క నడవకు అవతల ఈసీఈ. నలుగురు, నాలుగు దిక్కులా, అతని ప్రశ్నలే రాస్తూ. స్క్వాడ్ వస్తే మొదట కనబడేది అదే. ఇద్దరి కాగితాల్లో ఒక లెక్క ఒకేలా ఉంటే చాలు, ఇద్దరి మీదా కాపీ కేసు. దీపకైతే మళ్లీ పరీక్ష ఉంటుంది. తులసీరాంకు ఉండదు. పాత బ్యాచ్‌లకు యూనివర్సిటీ ఇచ్చిన ఆఖరి అవకాశం ఇది, హాల్ టికెట్ మీదే ఆ మాట రాసి ఉంది.

ఆమె కాగితాల గదిలోంచి బయటికొచ్చి, పరీక్షల ఇన్‌చార్జి దేవసహాయం సార్ ముందు నిలబడింది. ఆయన హాజరు పత్రాలు సర్దుతున్నాడు.

“సార్, తప్పు జరిగింది. నాదే.”

విని ఆయన కుర్చీలోంచి లేచాడు. గడియారం చూశాడు. గొంతు తగ్గించాడు.

“ప్రమీలమ్మా, ప్లాన్ పొద్దున్నే యూనివర్సిటీకి మెయిల్ చేశాం. అబ్జర్వర్ సంతకం పెట్టి ప్రిన్సిపాల్ గదిలో టీ తాగుతున్నాడు. ఇప్పుడు మార్చామంటే ఎందుకని అడుగుతాడు. ఒక్కడి కోసం ఏంటి గోల? ఎవరు చూస్తారు?”

“చూడకుంటే మంచిదే సార్. చూస్తే ఆ పిలగాడి పదేండ్లు పోతయి.”

“పిలగాడా? ముప్పై ఏళ్లుంటాయి.”

“ఆఖరి చాన్స్ సార్ ఆయనకు.”

“గది లేదు, ఇంకో ఇన్విజిలేటర్ లేడు. ఎక్కడ కూర్చోబెడతావ్, నీ టేబుల్ మీదా?”

“రెండు వందల మూడుల సీఎస్ఈ, ఈఈఈ ఉన్నరు. సీఎస్ఈ పిలగాన్ని ఒకన్ని తీసి ఆరుల తులసీరాం జాగల పెడ్త. చుట్టూ ఈసీఈ, వానిది వేరే పేపర్. తులసీరాంను వాని జాగల పెడ్త. చుట్టూ ఈఈఈ మూడో సంవత్సరం, వాళ్లదీ వేరే. రెండు గదుల హాజరు పత్రాలు మార్చాలె, అంతే.”

ఆయన చేతిలోని హాజరు పత్రాలు బల్ల మీద పెట్టాడు. అదంతా ఆమె మెట్లు దిగుతూ మనసులోనే కుదిర్చి వచ్చిందని అర్థమైంది.

“లెటర్ ఎవరు రాస్తారు?”

“నేనే రాస్త. సర్క్యులర్ చదవలే, కోడ్ చూసి వేసిన అని రాస్త.”

“మెమో వస్తుందమ్మా.”

“రానియ్యున్రి.”

తెల్లకాగితం మీద నాలుగు వాక్యాలు రాసి సంతకం పెట్టింది. ఆయన అది పట్టుకుని ప్రిన్సిపాల్ గదివైపు వెళ్లాడు. ఇక మిగిలింది, మూడో గదిలోంచి ఎవరిని లేపాలనేది.

ఆమె డైరీ తెరిచింది. పరీక్ష మొదలవడానికి ముందు ఒక మనిషిని లేపి ఇంకో గదికి పంపితే గొడవవుతుంది. స్నేహితులున్నవాణ్ని లేపితే నలుగురు అరుస్తారు. ఎవరూ లేనివాళ్లను లేపితే ఎవరూ అరవరు. పెన్సిల్ విల్లుల మధ్య ఆమె వేలు వెతుక్కుంటూ వెళ్లి ఒక నంబర్ దగ్గర ఆగింది. శోభ. తిరుమలగిరి వైపునుంచి వచ్చే పిల్ల. మూడేళ్లలో ఆ నంబర్ నుంచి ఒక్క విల్లూ లేవలేదు. బోర్డు దగ్గర ఆ పిల్ల ముఖం వాడింది లేదు, వెలిగిందీ లేదు. గది నంబర్ చూసుకుని వెళ్లిపోతుంది. లేపితే మారు మాట్లాడకుండా వస్తుంది.

ప్రమీల వేలు అక్కడే ఉండిపోయింది. తులసీరాం కూడా మొదట్లో ఇలాగే ఒక నంబర్. గొడవ చేయడు కాబట్టి ఎక్కడ గడి మిగిలితే అక్కడికి. ఒక్కసారి అలా మొదలైతే అంతే, మనిషిని ఖాళీల్లో సర్దడం చేతికి అలవాటైపోతుంది. ఆమెకు తన వంటగదిలో బోర్లించి ఉన్న రెండో కంచం గుర్తొచ్చింది, ఎందుకో తెలియదు.

వేలు జరిపింది. అదే గదిలో, అన్ని వైపులకూ విల్లులు లేచిన ఇంకో సీఎస్ఈ నంబర్ ఉంది. వీరేందర్. పెన్సిల్ గీతల్లో ఆ నంబరే సరిగా కనబడదు.

మూడో గది గుమ్మంలో నిలబడి ఆ పేరు పిలవగానే గది మొత్తం తలెత్తింది.

“నేనా? నేనేం చేసిన మేడమ్?”

“ఏం చెయ్యలే బిడ్డా. సీటు మారింది. ఆరుకు పో.”

“అరె, జర ఇన్సాఫ్ చెయ్యున్రి మేడమ్! నా సోపతోళ్లు అందరు గీడనే ఉన్నరు.”

“అందుకే” అంది ప్రమీల.

వెనక బెంచీలోంచి ఎవరో “పోరా, ఆరుల కరుణ ఉంటది, ధైర్యం చెప్తది” అన్నారు. నవ్వులు. ఇన్విజిలేటర్ బల్ల మీద కొట్టాడు. వీరేందర్ ప్యాడ్ చంకలో పెట్టుకుని, యుద్ధానికి పోతున్నవాడిలా చేతులూపుతూ వెళ్లాడు. మూడో వరసలో శోభ ఒక్కతే నవ్వలేదు, తన హాల్ టికెట్‌ను బెంచీ అంచుకు సమంగా పెట్టుకుంటోంది. ప్రమీల వీరేందర్ నంబర్ చేత్తో తుడిచేసి, చెక్క మీద పద్నాలుగుతో మొదలయ్యే పది అక్షరాలు రాసింది. ఈ గడి కిటికీకి దూరం. దానికి ఏమీ చేయలేకపోయింది.

పది అయింది. గంట కొట్టారు. తులసీరాం రాలేదు.

మొదటి అరగంట దాటితే గేటు మూసేస్తారు. ఆమె వసారా కొసకు వెళ్లి రోడ్డు వైపు చూసింది. లారీలు పోతున్నాయి. అవతల వరి కోసిన మళ్లలో కొంగలు, ఒక్కో మడికి ఒక్కటి, ఎవరో లెక్కచూసి దూరదూరంగా కూర్చోబెట్టినట్టు. పది పది. పది పదిహేను. చేతిలో సుద్దముక్క చెమటకు మెత్తబడింది. మెమో సంగతి అప్పటికి ఆమె మర్చిపోయింది. ఇంత చేసి, ఆ గడి ఖాళీగా ఉండిపోతుందా అన్నదొక్కటే లోపల తిరుగుతోంది.

పది ఇరవైకి గేటు దగ్గర షేర్ ఆటో ఆగింది. తులసీరాం పరుగెత్తుకొచ్చాడు, చొక్కా వీపుకు అతుక్కుని, చేతిలో పారదర్శకమైన పౌచ్. మెట్ల దగ్గర కాచుకుని ఉన్న మంగ్త్యా అతన్ని చూడగానే తమ ఇద్దరికీ తెలిసిన తండా భాషలో ఏదో కేకేశాడు. అలవాటు కొద్దీ ఆరువైపు తిరిగిన మనిషి ఆగిపోయాడు.

“నా గది ఆరు గదా మేడమ్? ఫోటో తీసుకున్న నిన్న, ఆన్‌లైన్ల.”

“మారింది. మూడు. రాండ్రి.”

“బస్సు నేరేడుచర్ల కాడ ఆగిపోయింది మేడమ్. టైరు. ఆటోలు మారి మారి వచ్చిన.” ఎగశ్వాస మధ్య అడిగాడు, “ఎందుకు మారింది? నావల్ల ఏమన్న తప్పా?”

“నాది తప్పు. మీరు పోయి మంచిగ రాయున్రి. ఆఖరి దాకా ఉండుండ్రి, తొందరపడి లేవకుండ్రి.”

అంత పొడుగు మాట ఆమె అతనితో ఎప్పుడూ అనలేదు. అతను కూడా అది గమనించినట్టు ఒక్క క్షణం చూసి లోపలికి వెళ్లాడు.

పదకొండుకు అబ్జర్వర్ తిరగడానికి వచ్చాడు. ఆయన చేతిలో మూడు పేజీల జాబితా ఉంది, మూడో పేజీ పైకి మడిచి. నేరుగా ఆరులోకి వెళ్లి నాలుగు వరుసలూ చూశాడు. తర్వాత మూడులోకి వచ్చి, తులసీరాం ముందూ వెనకా పక్కలా ఉన్న ప్రశ్నపత్రాలు తిప్పి చూశాడు. కిందికి దిగాడు. ప్రమీల రాసిన లెటర్ మీద, చివరి నిమిషంలో మార్పు, సిబ్బంది అశ్రద్ధ అని రాసి సంతకం పెట్టాడు. వారానికి ప్రమీలకు మెమో వచ్చింది. దాన్ని ఆమె ఫైల్లో తన చేత్తోనే పెట్టుకుంది. ఆ ఫైళ్లన్నీ చూసేది ఆమే కాబట్టి.

రెండు నెలలకు ఫలితాలు వచ్చాయి. ఆ రోజు పొద్దున్నుంచీ సైటు తెరుచుకోలేదు. మధ్యాహ్నం తెరుచుకోగానే ప్రమీల మొదట కొట్టింది ఆ నంబరే. చూడకుండా కొట్టగలదు. పాస్. అత్తెసరు కంటే నాలుగు మార్కులు ఎక్కువ. చెప్పడానికి చుట్టూ చూసింది. కుర్చీలు ఉన్నాయి. మంగ్త్యా ఆ రోజు సెలవు.

తులసీరాం సర్టిఫికెట్ కోసం వచ్చినప్పుడు ఇస్త్రీ చొక్కాతో వచ్చాడు. కౌంటర్ కిటికీ బయట నిలబడ్డాడు.

“తండాల నన్ను పదేండ్ల సంది ఇంజనీర్ అనే పిలుస్తరు మేడమ్. మాయమ్మ సుత. ఎక్కిరిస్తున్నరో, నిజంగనో తెలుస్తుండకపోయేది. ఇగ నిజమే.”

“మిల్లుల చెప్పిండ్రా?”

“చెప్పిన. మా సేటు, కాయితం తే, మెషీన్ల మీద నిన్నే పెడ్త అన్నడు.” కాగితం అందుకుని మడవకుండా పట్టుకున్నాడు. వెళ్లబోయి ఆగాడు. “ఒకటి అడగొచ్చా? నన్నెప్పుడూ కిటికీ కాడ ఏస్తుంటిరి. కావాలని ఏస్తుంటిరా, గట్లనే పడ్తుండెనా?”

ప్రమీల రిజిస్టర్‌లో సంతకం చోటు చూపించింది. “గట్లనే పడ్తుండె” అంది.

అతను సంతకం పెట్టాడు. “ఈ కాలేజీల నా నంబర్ నోటికి తెలిసింది మీకొక్కరికే మేడమ్. ఇగ దాంతోని పని లేదు. మర్చిపోండ్రి.”

అతను గేటు దాటేవరకు ఆమె కౌంటర్ మూయలేదు. మిర్యాలగూడ బస్సు హారన్ వినిపించింది, దూరమైంది. ఆ సాయంత్రం గదికి వెళ్లి అన్నం వండుకుని, రెండో కంచం కూడా కడిగి పెట్టుకుంది. తినేది ఒక్క దాంట్లోనే. ఊరికే, తడిగా ఉండనీ అని.

తర్వాతి పరీక్షలకు రెండు వందల ఆరులో మళ్లీ అదే లెక్క వచ్చింది. పన్నెండూ, పదకొండూ. ఇరవై నాలుగో గడి. చెయ్యి తనంతట తనే ఒకటి, నాలుగు రాసి ఆగింది. రబ్బరుతో తుడిచింది. ఆ గడిలో పెట్టడానికి ఎవరి పేపరూ కానివాళ్లు ఇక ఎవరూ లేరు. శోభ నంబర్ ఒకసారి గుర్తుకు రాబోయింది, రానివ్వలేదు. ఆ పిల్లను మూడో గది మధ్యలో, నలుగురి నడుమ వేసింది. ఎవరి పేపరూ కలవని నలుగురి నడుమ వేసే వీలు ఉన్నప్పుడు, ఎక్కువ నవ్వే నలుగురినే ఎంచుకుంది. గంట కొట్టేలోపు పది నిమిషాలు ఉంటాయి, పెన్ను అడుక్కోవడానికో, టైమెంత అనడానికో. అంతకు మించి ఆమె చేతిలో ఏమీ లేదు.

ఇరవై నాలుగో గడి ఖాళీగానే ఉంది. ముందురోజు సాయంత్రం గదులన్నీ రాసుకుంటూ వచ్చి అక్కడ ఆగింది. మంగ్త్యా గుమ్మంలో చీపురుతో నిలబడ్డాడు.

“గాడ ఏం రాయరా మేడమ్?”

“ఏం రాయ.”

“మరెందుకు నిలబడ్డరు?”

ఆమె ఆ బెంచీ మీద, రాయని చోట, అరచేయి ఒకసారి ఆనించి తీసింది. సుద్దపొడి చెయ్యి. ఐదు వేళ్లూ లేత తెలుపులో చెక్క మీద నిలిచాయి. మంగ్త్యా దాన్ని తుడవలేదు, తుడిచే రోజు కాదు కాబట్టి. పొద్దున దీప వచ్చి కూర్చునేసరికి పక్కన ఖాళీ, ఖాళీలో ఒక చెయ్యి. అంకుల్ ఏడీ అని ఇన్విజిలేటర్‌ను అడిగిందట. పాసయ్యాడంటే, అవునా అని, ఆ పక్కకు తన పౌచ్ జరపకుండా పరీక్షంతా రాసిందట. ఈ మాట మంగ్త్యా చెప్పాడు.

ఇవన్నీ ప్రమీల నాకు ఒకేసారి చెప్పలేదు. ఐదారు సాయంత్రాలు, బెంచీల మధ్య నడుస్తూ, సుద్ద ఆగినప్పుడల్లా కొంచెం కొంచెంగా చెప్పింది. ఆఖరి రోజు నేను అన్నీ రాసుకోవడం అయ్యాక, గదికి తాళం వేసి, తాళం ఒకసారి లాగి చూసి, మెట్ల దగ్గర వెనక్కి తిరిగి ఒకటే అడిగింది.

“ఇది పుస్తకంల వస్తదంటిరి గదా. నా పక్క పేజీల ఎవరుంటరు? ఎవరైనా సరే గనీ, జర మాట్లాడేటోళ్లను పెట్టున్రి.”